నాలుగు నిమిషాల స్నానం

ప్రసూతి ఆసుపత్రి వాళ్ళు అడిగింది చిన్న వీడియో. పసిబిడ్డకు స్నానం ఎలా చేయించాలో వార్డులోని తెర మీద చూపిస్తారట. నిడివి కచ్చితంగా నాలుగు నిమిషాలు. దృశ్యాలు తీసి కూర్చినవాడు మరిది. ఎంత ముద్దొచ్చే దృశ్యాన్నైనా జాలి లేకుండా కోసేస్తాడని ఇంట్లో అతని పేరు కత్తెర. వ్యాఖ్యానం రాసింది వదిన. గొంతు అత్తయ్యది, అంటే కత్తెర వాళ్ళమ్మది.

అత్తయ్య అదే వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. మళ్ళీ అక్కడి తల్లులతో మాట్లాడబోతున్నానన్న సంబరంలో వారం రోజులుగా చల్లని నీళ్ళు ముట్టలేదు. గొంతు అరిగిపోతుందేమోనని చెల్లెలితో ఫోన్లో కూడా గుసగుసలే.

తీరా రికార్డింగ్ గదిలో కూర్చుని తీరుబడిగా చదివితే ఆరున్నర నిమిషాలైంది. కాస్త వేగం పెంచమన్నాడు కత్తెర. పెంచింది. ఇంకాస్త అన్నాడు. నాలుగోసారికి ఎలాగో నాలుగు నిమిషాల్లో పడింది కానీ, వినిపించేసరికి ఆవిడ మొహమే మాడిపోయింది.

"స్నానం చేయిస్తున్నట్టు లేదురా. బిడ్డను చంకనేసుకుని బస్సు వెనక పరిగెడుతున్నట్టుంది."

కత్తెర తల గోక్కున్నాడు. రేడియోలో చదివే అమ్మాయి ఉంది, మధ్యాహ్నం ఆమెను పిలుస్తానని వదినకు మెల్లగా చెప్పాడు. గది తలుపు తెరిచే ఉంది. అత్తయ్య కాగితాలు మడిచి, ఫర్వాలేదులే, ఆ అమ్మాయే చదువుతుంది అంది. సూది నొప్పి పుట్టదని పిల్లలకు చెప్పే గొంతు అది. వదిన ప్రాణం ఉసూరుమంది.

ఆరువందల మాటలు రాయమని చెప్పింది కత్తెరే. ఆ లెక్క ఎక్కడిదని వదిన ఇప్పుడు నిలదీసింది. నిమిషానికి నూట యాభై అట, ఏదో వీడియో పాఠంలో చెప్పారట. ఆ పాఠం ఏ భాషలో అని అడిగితే ఇంగ్లీషులో అన్నాడు.

"అది ఇంగ్లీషు వాళ్ళ లెక్కయ్యా. 'నీళ్ళలోకి దించేముందు' అని మనం రెండు మాటల్లో అనేది వాళ్ళకు అయిదు మాటలవుతుంది. మన మాట ఒక్కొక్కటీ ఎంత పొడుగో చూడు. నూట యాభై ఎవరు చదవగలరు?"

"రేడియో అమ్మాయి చదువుతుందేమో."

"చదివితే తల్లులకు అర్థం కావద్దూ?"

ఒక గంట టైమివ్వమని వదిన కుర్చీ లాక్కుంది. మొదటిసారి తీరుబడిగా చదివిన రికార్డింగు పెట్టించి, మూడు చోట్ల నిమిషం చొప్పున విని మాటలు లెక్కపెట్టింది. ఒకచోట ఎనభై ఎనిమిది, ఒకచోట తొంభై మూడు, ఇంకోచోట తొంభై. అంటే అత్తయ్య సహజంగా మాట్లాడితే నిమిషానికి తొంభై, సెకనుకు ఒకటిన్నర మాట. నాలుగు నిమిషాలంటే రెండువందల నలభై సెకన్లు. పేర్లు పడేచోట, నీళ్ళ చప్పుడు మాత్రమే వినిపించేచోట కలిపి నలభై సెకన్లు ఎవరూ మాట్లాడకూడదు. మిగిలిన రెండువందల సెకన్లకు మూడువందల మాటలు. ఊపిరి తీసుకునే సందు ఉండాలని రెండువందల ఎనభై దగ్గరే ఆగాలనుకుంది. నీళ్ళ వేడి డిగ్రీల్లో చెప్పేచోట, అంకెల్లో రాస్తే ఒకటిగా లెక్కకొచ్చే '37'ను నోటితో అంటే రెండు మాటలని, దాన్ని అక్షరాల్లో రాసుకుంది.

సగానికి పైగా కోయాలి. తను రాసినదే కాబట్టి మొదట్లో చెయ్యి రాలేదు. తెర మీద తువ్వాలు కనిపిస్తుంటే 'మెత్తని తువ్వాలు తీసుకోండి' అనడమెందుకు? కొట్టేసింది. తొట్టి రంగు, కిటికీ వెలుతురు, పోయాయి. తల కింద చెయ్యి ఉంచమనడం, మోచేత్తో నీళ్ళ వేడి చూడమనడం, బిడ్డను ఒక్క క్షణం కూడా వదలొద్దనడం మాత్రం ఉంచింది. తెర మీద కనిపించనివీ, మరిచిపోకూడనివీ అవే.

"ఇంతేనా?" కత్తెర కాగితం తిప్పి చూశాడు. "బోసిగా ఉండదూ?"

"నా మాటలు నేను కోసుకుంటే నీకు బాధేమిటి, కత్తెరా? అత్తయ్యను పిలువు."

అత్తయ్య బెట్టు చేయలేదు. పిలుపు పూర్తికాకముందే వచ్చి కూర్చుంది. ఈసారి తొందర లేదు. తెర మీద నర్సు చెయ్యి బిడ్డ మెడ కిందికి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు చెప్పింది. నీళ్ళు పోస్తున్నప్పుడు మాట్లాడకుండా చూస్తూ కూర్చుంది. కాగితం మీది చివరి మాట అయ్యేసరికి ఇంకా ఆరు సెకన్లు మిగిలాయి. తెర మీద బిడ్డ తువ్వాల్లో ఒదిగి ఆవులించింది. మైకు ఆన్‌లో ఉందన్న ధ్యాస లేక అత్తయ్య నవ్వేసింది.

"అయిపోయిందమ్మా బంగారం, ఇక హాయిగా బజ్జో."

నాలిక్కరుచుకుని, అది కోసెయ్యరా అంది.

కత్తెర అప్పటికే ఫైలు సేవ్ చేస్తున్నాడు. సరిగ్గా సరిపోయింది, కోయడానికేమీ లేదన్నాడు. తర్వాత రేడియో అమ్మాయికి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. పక్కనుంచి అత్తయ్య అందుకుని, ఆ అమ్మాయికి నా తరఫున సారీ చెప్పరా అంది. వారం రోజుల తర్వాత ఫోన్ దగ్గర ఆవిడ గొంతెత్తి అన్న మొదటి మాట అది. అవతలి అమ్మాయికి నేరుగానే వినపడింది.