బెత్తెడు పైపు

మేస్త్రీ మణికట్టు విరిగి నాలుగు నెలలైంది. ఎముక అతుక్కుందన్నాడు డాక్టరు. కట్టు విప్పాడు, ఇక పని చేసుకోవచ్చన్నాడు. అన్నీ ఆయనే అన్నాడు గానీ కుడిచేతి పట్టు గురించి మాత్రం నీళ్లు నమిలాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి సరిపోయే పట్టు ఉంది. పైపుల పని చేసేవాడికి అదేం మూలకు?

పైపులు తప్ప మరో లోకం తెలియని మనిషి నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో ఆయన భార్యని అడగాలి. ఆవిడ వీధి చివర చిన్న పైపుల కొట్టు నడుపుతుంది. కొట్లో ఉన్నంతసేపే ఆవిడకు ప్రశాంతత. ఇంటికొస్తే చాలు, పప్పులో ఉప్పు దగ్గర్నుంచి తలుపు కిర్రుమనడం దాకా ప్రతిదానికీ మేస్త్రీ ఒంటికాలి మీద లేచేవాడు. ఆవిడ మారుమాట అనేది కాదు. ఆ కోపం తన మీద కాదని ఆవిడకు తెలుసు.

అలాంటప్పుడు మేస్త్రీ అక్క కబురు పెట్టింది. వంటింట్లో సింకు కింద పైపుని ఎలుక కొరికేసిందట, అల్మరా అంతా చెరువైందట. "నువ్వు రాలేకపోతే ఇంకెవరినైనా పంపరా తమ్ముడూ" అని కూడా అంది పాపం, మంచికే. ఆ ఒక్క ముక్క మేస్త్రీకి ములుకులా గుచ్చుకుంది.

"నేనే వస్తున్నా" అన్నాడు ఫోన్లో. ఫోను పెట్టేసి భార్య వైపు తిరిగాడు. "ఈ ఒక్క జాయింటు నిలబడితే సరే. నిలబడలేదా, టూల్సన్నీ ఎవరికైనా ఇచ్చేస్తా. నీ కొట్లో మూల కూర్చుని మేకులు తూస్తా."

మేకులు తూచే మేస్త్రీని ఆవిడ ఊహించుకోలేకపోయింది. కొట్టుకి తాళం వేసి, "నేనూ వస్తా, వదినని చూసి చాన్నాళ్లైంది" అంది. సంచిలో పైపులు అతికే మూడు రకాల ఫిట్టింగులూ, కాస్త పొడుగైన కొత్త పైపు ముక్కా వేసుకుంది.

అక్క ఇంట్లో మేస్త్రీ అల్మరా తలుపు తీసి, తల లోపల పెట్టి చూశాడు. వేడినీళ్లకీ తట్టుకునే ఆ వంగే ప్లాస్టిక్ పైపు, అదే పెక్స్ పైపు, గోడలోంచి బయటికొచ్చి కుళాయి కింది వాల్వు దాకా వెళుతుంది. ఎలుక నాలుగైదు చోట్ల రుచి చూసింది. పాడైన భాగం కోసేస్తే గోడ దగ్గర మిగిలింది బెత్తెడు పైపు. చుట్టూ కొత్తగా వేసిన టైల్సు. ఆ బెత్తెడూ వృథా అయితే టైల్సు పగలగొట్టి గోడ తవ్వాల్సిందే.

"పగలగొడితే ఊరుకోను, ముందే చెప్తున్నా" అంది అక్క. ఆవిడ మోకాలి నొప్పితో పెరట్లో మెయిన్ వాల్వు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నీళ్లు కట్టెయ్యడం, విప్పడం ఆవిడ డ్యూటీ. ఆ డ్యూటీని ఆవిడ చాలా సీరియస్‌గా తీసుకుంది.

కోసేసిన భాగం స్థానంలో వేసే కొత్త పైపుకి వాల్వు వైపు చివర సులువుగానే అయింది. అక్కడ చోటుంది, తలుపు తీస్తే కంటికి కనపడుతుంది, అందుకని మేస్త్రీ కంప్రెషన్ ఫిట్టింగు పెట్టాడు. నట్టు, దాని వెనక ఇత్తడి రింగు పైపుకి ఎక్కించి, పైపు నొక్కుకుపోకుండా లోపల చిన్న గొట్టం ముక్క దూర్చాడు. భార్య ఒక స్పానరుతో వాల్వుని కదలకుండా పట్టుకుంటే, ఆయన ఎడంచేత్తో రెండో స్పానరు తిప్పి నట్టు బిగించాడు. ఎడమచెయ్యి ఎప్పుడూ ఇంత బుద్ధిగా పనిచెయ్యలేదు.

"గోడ దగ్గర కూడా ఇదే పెట్టేద్దామా?" అందావిడ.

"అక్కడ రెండు స్పానర్లు ఎలా తిప్పుతావ్? వెనకే మురుగు గొట్టం ఉంది చూడు. పైగా వేడికీ చలికీ పైపు సాగి ముడుచుకుంటుంటే నట్టు వదులవుద్ది. ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ బిగించాలి. ఆ మూలకి ఎవరు దూరతారు? క్రింపే."

క్రింపంటే మేస్త్రీకి ప్రాణం. రాగి రింగు ఎక్కించి, ఇత్తడి ఫిట్టింగుని పైపులోకి దూర్చి, పొడుగు పిడుల టూలుతో రింగుని పైపు మీద నొక్కేస్తే ఇక దానికి చావు లేదంటాడు. ముప్పై ఏళ్లుగా ఎన్ని వేల రింగులు నొక్కాడో లెక్కలేదు. గోడల్లో పూడ్చిపెట్టిన జాయింట్లు కూడా ఇప్పటికీ చుక్క వదల్లేదు. రింగు పైపు చివర నుంచి పావు అంగుళం లోపల ఉండేలా జరిపాడు, టూలు నిటారుగా పెట్టాడు, రెండు పిడులూ పట్టుకుని నొక్కాడు.

కుడిచేతి వేళ్లు సగం దారిలో ఆగిపోయాయి. పళ్లు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి, చెమట కళ్లలోకి కారింది. పిడులు ఇంకో వేలెడు దగ్గరికొచ్చి మొండికేశాయి. మేస్త్రీ టూలు తీసేసి, రింగు సరిగ్గా నలిగిందో లేదో కొలిచే రేకుని దాని మీద పెట్టాడు. రేకు గాడిలో రింగు పట్టలేదు. నలగలేదన్నమాట.

"పోనీ నేనో పిడి పట్టుకోనా?" అంది భార్య మెల్లగా.

"ఈ అల్మరాలో ఇద్దరు పడతారా? సగం నలిగిన రింగుని మళ్లీ నొక్కితే ఫిట్టింగు పాడవుద్ది. కొయ్యి."

ఆవిడే కోసింది. బెత్తెడులో అంగుళం పోయింది.

అప్పుడు ఆవిడ సంచిలోంచి పుష్ ఫిట్ తీసింది. మేస్త్రీ మొహం ఆముదం తాగినట్టైంది. ఎన్నేళ్లుగానో కొట్లో ఆవిడ దాన్ని అమ్ముతూనే ఉంది, ఎన్నేళ్లుగానో ఆయన దాన్ని పిల్లల బొమ్మ అంటూనే ఉన్నాడు. నొక్కితే దూరేది, లాగితే ఊడదా అని ఆయన వాదన.

"ఊడదు" అందావిడ. "లోపల ఉక్కు పళ్లుంటాయి, పైపుని కరిచి పట్టుకుంటాయి. వాటి వెనక రబ్బరు రింగు నీళ్లని ఆపుద్ది. పూర్తిగా దూరితే చాలు. దీనికి పట్టు అక్కర్లేదండీ, నెట్టుడే. నెట్టడానికి మీ భుజం ఉందిగా?"

"గోడలో పూడ్చడానికి పనికొస్తదా?"

"పూడ్చడానికి నేను ఇవ్వను, ఎవరడిగినా. ఇక్కడైతే తలుపు తీస్తే కనిపిస్తది."

మేస్త్రీ కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చేసేది లేక పైపు తిన్నగా కోశాడు, అంచు నున్నగా చేశాడు. ఆ తర్వాత అలవాటు ప్రకారం దబ్బనం మొనతో పైపు చివర నుంచి అంగుళం పొడుగున నిలువు గీత గీశాడు, అడ్డంగా ఒక గుర్తు పెట్టాడు. ముప్పై ఏళ్లుగా ప్రతి పైపు మీదా ఆ గీత గీస్తాడు, పైపు ఎంత దూరిందో, ఎటైనా మెలిపడిందో చూసుకోవడానికి. రెండు పైపుల చివర్లూ గీసి, ఫిట్టింగు పెట్టి భుజంతో నెట్టాడు. లోపల పళ్ల దగ్గర ఒక మెట్టు, రబ్బరు రింగు దగ్గర ఇంకో మెట్టు తగిలాయి. అడ్డగుర్తు సరిగ్గా ఫిట్టింగు మూతి దగ్గర ఆగింది.

"తిప్పక్కా!"

"తిప్పా!" అని పెరట్లోంచి అక్క కేక.

నీళ్లొచ్చి పైపు చల్లబడింది. ఫిట్టింగు మూతి దగ్గర, గోడ వైపు, ఒక చుక్క మెల్లగా ఊరింది, జారింది. వెనకే ఇంకోటి.

"కట్టెయ్యక్కా" అన్నాడు. అంతే అన్నాడు. కేక కూడా కాదు, భార్య వెళ్లి చెప్పాల్సి వచ్చింది.

ఆవిడ తిరిగొచ్చేసరికి మేస్త్రీ అల్మరా ముందు నేల మీద, తడిలోనే కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో ఎవరిదో వస్తువులా పడుంది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆ మనిషి కళ్లలో నీళ్లు తిరగడం ఆవిడ చూడలేదు.

"పిల్లల బొమ్మ కూడా పెట్టలేకపోయానే" అన్నాడు. "నెట్టడానిక్కూడా పనికిరాలేదు. ఇంక చాలు. పద."

ఆవిడ ఆయన పక్క నుంచి చెయ్యి లోపలికి పెట్టి, ఫిట్టింగు మూతిని రెండు వేళ్లతో లోపలికి అదిమి, గోడ పైపు మీంచి ఫిట్టింగుని లాగింది. మూతి అదిమితే లోపలి పళ్లు పట్టు వదిలేస్తాయి, ఊడొచ్చింది. గోడ పైపు చివరని కొంగుతో తుడిచి, దాని చుట్టూ గోరుతో మెల్లగా తడిమింది. ఒకచోట గోరు ఆగింది. మళ్లీ తడిమింది. మళ్లీ అక్కడే ఆగింది.

"ఏవండీ. ఇలా రండి. మీ గోరు పెట్టి చూడండి."

మేస్త్రీ కదల్లేదు. ఆవిడే ఆయన వేలు పట్టుకుని పైపు మీద పెట్టింది. ఆయన గోటికీ గీత తగిలింది, తన దబ్బనం గీత.

"ఇది ఎప్పుడూ గీసేదేగా" అన్నాడు.

"క్రింపుకి ఎప్పుడూ గీసేదే. క్రింపులో నీళ్లు ఆగేది పైపు లోపలి వైపు, ఇత్తడి మీద. బయట ఎన్ని గీతలు గీసినా దానికి పట్టదు. ఇందులో రబ్బరు రింగు కూర్చునేది బయటి వైపు. గీత పొడుగునా నీళ్లు రింగు కిందనుంచి దారి చేసుకున్నాయి. ఫిట్టింగుతో వచ్చే కాగితంలో రాసుంటది, పైపు మీద గీత ఉండకూడదని. గుర్తు పెన్నుతోనే పెట్టాలి. మీరు సరిగ్గానే నెట్టారు, గుర్తు దాకా వెళ్లింది చూశారుగా. చెయ్యి మంచిదే. అలవాటుది తప్పు."

మేస్త్రీ పైపు వైపు చూశాడు, చెయ్యి వైపు చూశాడు. గోడ దగ్గర గీత ఉన్నంత మేర కోసేస్తే మిగిలేది అంగుళమున్నర లోపే. ఫిట్టింగుకి అంగుళం కావాలి. ఈసారి తప్పితే గోడే. ఆయన భార్య ఇచ్చిన పెన్ను తీసుకున్నాడు. రెండు వైపులా కోసి, నున్నగా చేసి, గోరుతో చుట్టూ తడిమి, ఇంకోసారి తడిమి, పెన్నుతో గుర్తు పెట్టాడు. కుడి అరచెయ్యి వెడల్పుగా ఫిట్టింగు వీపు మీద ఆనించి, భుజం బలమంతా దానిలోకి దింపాడు. ఒక మెట్టు. రెండో మెట్టు. నల్లగుర్తు మూతి దగ్గర ఆగింది. కొత్త పైపు చివరని కూడా అలాగే నెట్టి, వెనక్కి లాగి చూశాడు. కదల్లేదు.

"తిప్పక్కా!"

ఈసారి కేక బాగానే వినిపించింది. భార్య జాయింటు చుట్టూ పొడి కాగితం చుట్టింది. ఇద్దరూ చెంపకి చెంప ఆనేంత దగ్గరగా ఆ ఇరుకు అల్మరాలో తలలు పెట్టి చూస్తూ కూర్చున్నారు. పెరట్లోంచి అక్క "ఏమైందిరా?" అని రెండుసార్లు అడిగింది. పావుగంట తర్వాత భార్య కాగితం విప్పి ఆయన చేతిలో పెట్టింది. పొడిగా ఉంది.

మేస్త్రీ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. క్రింపు ఇక తన వల్ల కాదని ఆయనకు అర్థమైంది, అది బాధే. కానీ రేపు పొద్దున్నే పనికి వెళ్లొచ్చని కూడా అర్థమైంది.

"నాకు చెప్పు" అన్నాడు చివరికి. "ఆ చుక్క కారినప్పుడు నా చెయ్యి పోయిందనే అనుకున్నా. నీకు మాత్రం అది చెయ్యి కాదని ఎలా తెలిసిందే?"

ఆవిడ సంచి సర్దుతూ తల ఎత్తలేదు.

"నాకేం తెలీదు. నేనూ చెయ్యి పోయిందనే అనుకున్నా."

"మరి పైపు తడిమావుగా?"

"మీకు చెప్పడానికి ఏదైనా సాకు దొరుకుద్దేమోనని తడిమా" అందావిడ. "నిజంగానే దొరికింది."