మైనస్ నలభై బస్తాలు

"లేని మేత బస్తాలు నలభై ఎలా ఇచ్చావయ్యా?" గణపవరం చేపల మేత కొట్టు యజమాని రామలింగం, గోడౌను చూసే సుబ్బరాజు మీద విరుచుకుపడ్డాడు.

స్టాకు రాసే శిల్పకి ఒళ్లు మండి, నిన్నటి లెడ్జరు తీసింది. మొదటి నిల్వ అరవై. పొద్దున ఎనిమిదింటికి వంద బస్తాలు ఇచ్చారు, మైనస్ నలభై. పదకొండుకి రెండొందలు వచ్చాయి, నిల్వ నూట అరవై. సాయంత్రం గోడౌనులో లెక్కపెట్టినవీ సరిగ్గా అంతే!

"దొరికిందండీ!" ఎగిరి గంతేసినంత పనిచేసింది. "ఆ రెండొందల లారీ దిగింది ఆరింటికండీ! వచ్చినవి ముందు రాస్తే రెండొందల అరవై. వంద పోతే నూట అరవై. మైనస్సే లేదండీ!"

"మరి పదకొండుకెందుకు రాశావమ్మా?"

"బిల్లు అప్పుడే నా చేతికొచ్చిందండీ. అందాకా మీ పూజగదిలో దేవుడి పాదాల దగ్గరుంది."

రామలింగం ఇవాళ్టి లారీ బిల్లు, ఇంకా పసుపైనా అంటనిది, జేబులోంచి తీసి ఆమె బల్లమీద పెట్టాడు.