నెల సగటు

"నెలాఖరున పదివేలు వేస్తే చాలదా?" బ్యాంకులో అడిగింది దర్జీ. కొత్త మిషనుకు లోను రావాలంటే ఖాతాలో ఈ నెల సగటు పదివేలుండాలి.

"ప్రతి రోజు చివర మిగిలే నిల్వలన్నీ కూడి, ముప్పై రోజులతో భాగిస్తామమ్మా," అన్నాడు బ్యాంకు గుమాస్తా. "ఇరవై ఐదు రోజులు నాలుగు వేలే ఉంది, అంటే మొత్తం లక్ష. కావాల్సింది మూడు లక్షలు. ఇవాళ్టితో కలిపి ఐదు రోజులూ నలభై వేలుండాలి."

కౌంటరు మూయడానికి అరగంటే ఉంది. ఫోన్ అందుకున్న వదిన, దాచుకున్న ముప్పై ఆరు వేలతో పరుగున వచ్చి కట్టించింది.

ఇరవై తొమ్మిదిన బట్టల షాపతను బాకీకి వచ్చి కూర్చున్నాడు. దర్జీ చెక్కు రాయబోయి ఆగింది. "రెండ్రోజులు ఓర్చుకో అన్నా, నీకు పుణ్యముంటుంది."

అతను గొణుగుతూ వెళ్లాడు.

ఒకటిన గుమాస్తా లెక్క చూసి, "సరిగ్గా పదివేలు," అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, ముందు వదిన డబ్బు తీసింది.