పసుపు చుక్కల ప్లేటు

పాలలో ఎన్ని సూక్ష్మజీవులున్నాయో లెక్కపెట్టే ప్రాక్టికల్ అది. ఇంక్యుబేటర్ తలుపు తీసి ప్లేట్లు బయట పెట్టాను. సెలైన్ కంట్రోల్ ప్లేటులో పసుపు చుక్కలున్నాయి, ఒక్కో చుక్కా ఒక క్రిముల గుంపు. అందులో ఏమీ మొలవకూడదు. పాల చుక్క కూడా పడకుండా, పాలను పలచన చేయడానికి వాడిన ఉప్పునీళ్ళు మాత్రమే వేసిన ప్లేటు అది. లెక్కపెడితే ఇరవై మూడు.

"సున్నా రాసెయ్," అంది ల్యాబులో నా జతగత్తె. బ్యాచ్ అంతా దాన్ని కంగారు అంటారు. ప్లేట్లు ఇద్దరివీ కలిపి, రిపోర్టులు మాత్రం ఎవరివి వాళ్ళవి. "అందరూ సున్నానే రాస్తున్నారే. రెండింటికల్లా ఇచ్చెయ్యాలి."

"ఉన్నది లేదని ఎలా రాయనే?"

"రాయి. చచ్చిపోవులే."

దానికేం, చెప్పడం తేలిక. నా పోయిన రిపోర్టు వెనక్కి వచ్చింది. చర్చలో నేను గొప్పగా 'తేడాలు మానవ తప్పిదం వల్ల' అని రాస్తే, మేడమ్ ఎర్ర సిరాతో 'ఏ మనిషి? ఏ తప్పు?' అని రాసి పంపింది. రెండోసారి వెనక్కొస్తే ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనివ్వదు. ఇరవై మూడు అని రాస్తే ప్రయోగమే పాడు చేశానంటుంది. సున్నా రాస్తే అందరిలో కలిసిపోతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పట్టిక గీసి కూర్చున్నాను. పలచన పదివేల రెట్లు: 182. లక్ష రెట్లు: 39. పది లక్షల రెట్లు: 25. ఒక్కో మెట్టుకీ లెక్క పదో వంతుకి పడాలి. ఇక్కడ నూట ఎనభై రెండు ముప్ఫై తొమ్మిదయింది, ముప్ఫై తొమ్మిది ఇరవై అయిదయింది. చిరాకేసింది. ప్లేట్ల మీద కోపం, గడియారం మీద కోపం, గ్లవ్స్ చప్పుడు చేస్తున్న కంగారు మీద మరీ కోపం.

ప్లేట్లన్నీ మళ్ళీ ముందు పెట్టుకున్నాను. ఈసారి రంగు చూసి లెక్కపెట్టాను. పదివేల ప్లేటులో తెల్లవి నూట అరవై, పసుపువి ఇరవై రెండు. లక్ష ప్లేటులో తెల్లవి పదిహేను, పసుపువి ఇరవై నాలుగు. చివరి దానిలో తెల్లవి రెండు, పసుపువి ఇరవై మూడు. తెల్లవి బుద్ధిగా పదో వంతుకి దిగుతున్నాయి. పసుపువి మాత్రం ఎక్కడా తగ్గట్లేదు. అవి పాలతో రాలేదు, సెలైన్‌తో వచ్చాయి!

పట్టికకి రెండు నిలువు గడులు కలిపాను, తెలుపు, పసుపు. కంట్రోళ్ళని వేరుగా కింద పెట్టాను. క్రిములు పెరిగే అగర్ జెల్లీ మాత్రమే పోసిన మీడియా కంట్రోల్ సున్నా, సెలైన్ కంట్రోల్ ఇరవై మూడు. చర్చలో రాశాను: 'మీడియాలో, ప్లేట్లలో లోపం కనబడలేదు. సెలైన్ శుద్ధంగా లేనట్టుంది. కారణం తెలియలేదు. తెల్లవాటి లెక్క ఉజ్జాయింపు మాత్రమే. ఒక్కో పలచనకి ఒక్క ప్లేటే వేశాం కాబట్టి ఎంత తేడా వస్తుందో చెప్పలేం. మళ్ళీ చేయాలి.'

రెండింటికి అందరి రిపోర్టులూ బల్ల మీద పడ్డాయి. మేడమ్ పై నుంచి తిరగేసింది. సున్నా, సున్నా, సున్నా. నాది తీసి ఆగింది. ఆ ఆగడం నాకు ఒక పరీక్షంత పొడుగనిపించింది.

"సెలైన్ అందరిదీ ఒకే సీసా కదా?"

"అవును మేడమ్," నేను.

"మరి పసుపు చుక్కలు నీకొక్కదానికే పుట్టాయా?"

సున్నాల దొంతర పక్కకి నెట్టి మేడమ్ నా వైపు తిరిగింది.

"ఆ సీసా ఆటోక్లేవ్‌లో పెట్టి క్రిములు చంపారా లేదా?"

"సీసాకి అంటించిన టేపు మీద నల్ల చారలున్నాయి మేడమ్. వేడి తగిలితేనే కదా అవి వచ్చేది..."

"ఆ టేపు పాతది మేడమ్." కంగారు గొంతు పీలగా వచ్చింది. "సీసా కడిగి కొత్త సెలైన్ నింపాను. టేపు పీకడం మర్చిపోయా. తర్వాత చారలు చూసి, ఎవరో ఆటోక్లేవ్ చేసేశారనుకుని తెచ్చి పెట్టేశా."

మేడమ్ నా రిపోర్టు నా ముందుకు జరిపింది. వెనక్కి ఇస్తోందనుకున్నాను.

"కారణం తెలియలేదన్న వాక్యం కొట్టేసి, టేపు సంగతి రాయి. ఏ తప్పో రాయి చాలు. ఏ మనిషో అక్కర్లేదు."

రాశాను. కింద ఆవిడ సంతకం పెట్టింది.

కంగారు బల్ల దగ్గరికి వచ్చి, దొంతరలోంచి తన రిపోర్టు లాక్కుంది. ఎప్పుడూ పరిగెత్తే మనిషి, కుర్చీ జరుపుకుని తాపీగా కూర్చుంది. సున్నా మీద ఒకే ఒక్క గీత గీసింది, కింద సున్నా కనబడేలాగే. పక్కన ఇరవై మూడు వేసి తన సంతకం పెట్టింది. తర్వాత చర్చ మొదలుపెట్టింది: 'సెలైన్ సీసా నేనే నింపాను.'