పూర్తి వాక్యం

నాచారంల కిష్టమ్మ పొద్దుగాల నీళ్ల ట్యాంకర్ బుక్ జేసింది. మధ్యాహ్నమైనా రాలే. ఇంట్ల డ్రమ్ములన్నీ ఖాళీ. ట్యాంకర్లు పంపే మా కంపెనీ చాట్‌ల "ట్యాంకర్" అని ఒక్క ముక్క కొట్టింది.

"క్షమించండి, అర్థం కాలేదు. మీకేం కావాలో పూర్తి వాక్యంలో రాయండి" అని దానంతటదే జవాబిచ్చింది మా చాట్ మిషన్.

మళ్ల అదే ముక్క. మళ్ల అదే జవాబు. ఏడుసార్లు! ఆ చాట్‌లు చూసుడే నా పని. హబ్సిగూడ ఆఫీసుల కూసొని చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. లాప్‌టాప్ పట్టుకొని మేనేజర్ విజయభాస్కర్ సార్ దగ్గరికి ఉరికిన.

"సార్, ఆమె బుకింగ్ మన కాడనే ఉన్నది గదా! 'పొద్దున బుక్ చేసిన ట్యాంకర్ రాలేదా? ఇంకో ట్యాంకర్ కావాలా? బుకింగ్ రద్దు చేయాలా?' అని మూడు బటన్లు పెడితే ఒకటి నొక్కుతది. మూడూ కాకుంటేనే రాస్తది. నెల సంది మొత్తుకుంటున్న!"

"ఊహించడం మన పని కాదు, ఆశా. జనమే సరిగ్గా రాయడం నేర్చుకోవాలి" అన్నడు సార్, తల ఎత్తకుండనే.

అంతల చాయ్ పెంటయ్య వచ్చిండు.

"చాయ్" అన్నడు సార్.

"అల్లం చాయా, చక్కెర లేని చాయా సార్?"

"రెండోది."

పెంటయ్య అందిస్తున్న గ్లాసును మధ్యలనే గుంజుకున్న.

"క్షమించండి సార్, అర్థం కాలేదు. మీకేం కావాలో పూర్తి వాక్యంలో రాయండి."