కొట్టేసిన లెక్క

పీరా సాహెబ్ స్టాఫ్ రూములోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. వెనకే కూతురు సుమయ్యా. ఆ ఏడు వడమాలపేటలో మా బడి నుంచి పది రాసిన పిల్లల్లో లెక్కలంటే నాకు ధైర్యం ఆ పిల్లే.

"సార్, జవాబు పత్రం నకలు వచ్చినాది. మళ్ళా సూడమంటే మార్పు లేదన్నారు. మీరు సూడండి, యాడో మోసం జరిగుండాది," అన్నాడు.

ఆయన కోపం ఎందుకో నాకు తెలుసు. ట్రిపుల్ ఐటీ జాబితా వచ్చింది. పదో తరగతి మార్కులను బట్టే సీటు, చదువూ తిండీ అక్కడే. రెండు మార్కుల తేడాతో సుమయ్యా పేరు రాలేదు. దర్జీ పని చేసే పీరా సాహెబ్ మరో దారిలో కూతుర్ని ఇంజనీరు చేయలేడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, పిల్లకూ తెలుసు.

లెక్కల్లో ఆ పిల్లకు మార్కులు పోయాయంటే నాకూ నమ్మకం కుదరలేదు. ఎవడో నిద్రమొహంతో దిద్దుంటాడని లోపల్లోపలే తిట్టుకున్నాను. చిత్తూరులో పేపర్లు దిద్దే క్యాంపుకు నేనూ వెళ్ళాను. ఏ మెట్టుకు ఎన్ని మార్కులో చెప్పే స్కీమ్ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. బీరువాలోంచి తీసి నకలు పక్కన పెట్టాను.

ఒక్కో ప్రశ్నా చూస్తూ పోయాను. అన్నీ సరిగ్గానే వేశారు. నాలుగు మార్కుల ప్రశ్న ఒక్కటే ఎర్రగా కొట్టొచ్చినట్టు కనిపించింది. నాలుగుకి ఒకటి.

"రెండు వరుస ధన బేసి సంఖ్యల వర్గాల మొత్తం 290. వర్గ సమీకరణం రాసి ఆ సంఖ్యలు కనుక్కోండి." సుమయ్యా పేజీ మధ్యలో "కావలసిన సంఖ్యలు 11, 13" అని మాత్రం రాసింది.

"జవాబు సరే కదా సార్?" పీరా సాహెబ్ నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"సరే భాయ్. కానీ స్కీమ్‌లో జవాబుకు ఒకటే మార్కు. సంఖ్యలు x, x+2 అనుకుని సమీకరణం రాస్తే ఒకటి. దాన్ని x² + 2x − 143 = 0 దాకా తెస్తే ఒకటి. కారణాంకాలుగా విడగొడితే ఒకటి. చివరికి 11, 13 అంటే నాలుగోది."

"అవన్నీ రాసినా సార్," అంది సుమయ్యా మెల్లగా. వేలితో పేజీ కుడి అంచు చూపించింది.

నిజమే. అక్కడ చిన్న అక్షరాలతో మూడు మెట్లూ ఉన్నాయి. (x + 13)(x − 11) కూడా ఉంది. రుణ విలువ ఎందుకు వదిలేసిందో కూడా రాసుకుంది. వాటన్నిటి మీదుగా పైనుంచి కిందకు ఒక గీత.

"ఎవరు కొట్టినారు?"

"నేనే సార్. ఆ లెక్క చివరన మిగిలింది. అంచులో చేసుకుని, కుదిరినాక మధ్యలో ఎక్కిద్దామనుకున్నా. జవాబు మాత్రం ఎక్కించేసరికే గదిలో ఉన్న మేడం, టైమైపోతాంది, చిత్తు లెక్కలన్నీ కొట్టేయండి అనె. అందరూ కొట్టేస్తాంటే నేనూ కొట్టేసినా."

ఆ మేడంని ఏమనగలను? పరీక్ష గదిలో నేనుంటే నేనూ అదే మాట అంటాను. చిన్న తరగతి నుంచీ పిల్లలకు మేం నూరిపోసేదే అది.

"గీత కింద లెక్క కనపడతానే ఉండాది కదా సార్!" పీరా సాహెబ్ కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. "ఒకసారి పైవాళ్ళకు చెప్పండి. బిడ్డ రాసిందే కదా, ఎవురిదో కాదు కదా."

"కొట్టేసింది దిద్దకూడదు భాయ్. మళ్ళీ చూసేటప్పుడు కూడా కూడిక సరిపోయిందా, దిద్దకుండా వదిలిందేమన్నా ఉందా అని మాత్రమే చూస్తారు. ఇది వదిలింది కాదు. మార్కు వేసేసినారు."

"అయితే తప్పు ఎవురిది?"

తిట్టడానికి ఒక్క మనిషైనా ఉంటే బాగుండును అనిపించింది. స్కీమ్‌ను మళ్ళీ మొదటి నుంచి చదివాను, అందులో ఏదో సందు దొరుకుతుందన్నట్టు. "వేరే పద్ధతిలో సరిగా చేసినా పూర్తి మార్కులివ్వాలి" అన్న వాక్యం దగ్గర ఆశగా ఆగాను. ఆ పిల్ల వేరే పద్ధతిలో చేయలేదు. స్కీమ్‌లో ఉన్న పద్ధతిలోనే, ఒక్క మెట్టూ వదలకుండా చేసింది.

పీరా సాహెబ్ కాగితాన్ని మడత పెట్టి, మళ్ళీ విప్పి, ఏం చేయాలో తెలియక నా చేతికే ఇచ్చాడు.

సుమయ్యా అప్పటిదాకా నేల చూపులు చూస్తోంది. తలెత్తి నన్నే చూసింది.

"సార్, మీరు కూడా చిత్తూరులో దిద్దినారు కదా. నా పేపర్ మీకే వచ్చుంటే?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఆ పిల్లకు నేనెప్పుడూ తప్పు లెక్క చెప్పలేదు.

"ఒకటే వేసేవాణ్ణమ్మా," అన్నాను.