తెరిచిన మెయిలు

"ఫోను పట్టుకుని కూచుంటే పాలు పొంగిపోయినాయి. నిన్నా అంతే, మొన్నా అంతే," పొయ్యి గట్టు తుడుస్తూ పద్మావతమ్మ సణుగుతానే ఉంది. "ఆ మెయిళ్ల సంగతి మహతి కంప్యూటర్లో పెట్టిన ఏర్పాటు చూసుకుంటాది కదా! నీకెందుకమ్మా ఆ తాపత్రయం?"

"అలవాటు అత్తమ్మా."

"అలవాటంట! పాలు పొంగించడం కూడా అలవాటేనా?"

ఇందుమతి ఫోను కొంగుకు తుడుచుకుని ఇంకో మెయిలు తెరిచింది. పులివెందుల ఫోటోగ్రాఫరు పంపిన పెళ్లి ఫోటోలు. పెళ్లికూతురి ముఖం కొంచెం నల్లగా వచ్చింది, వెలుగు పెంచమని చెప్పాల. ఈ సంగతి ఏ ఏర్పాటు చెప్తాదో చూద్దాం అనుకుంది.

కింద ల్యాబు, పైన ఇల్లు. ప్రొద్దుటూరు బజారులో మామ గురురాజారావు మొదలుపెట్టిన ఫోటో ల్యాబది. వాట్సాప్‌లో పంపితే ఫోటో మసకబారుతుందని, జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ అందరూ మెయిల్లోనే పంపుతారు. ఒక్కొక్క మెయిలూ తెరిచి, ఫోటోలు దించి, ఆ తేదీ పేరుతో ఫోల్డరు చేసి అందులో పెట్టడం కోడలిగా వచ్చిన ఏడాది నుంచీ ఇందుమతి పనే. "మా ఇందు లేకుంటే ప్రింటు మిషన్‌కు కూడు లేదు" అని గురురాజారావు వచ్చిన వాళ్లందరితో చెప్పేవాడు.

ఆ మాట ఈ మధ్య వినపడలేదు.

చిన్నకొడుకు విష్ణుతేజ పెండ్లాం మహతి పులివెందులలో ఇంజనీరింగు చదివింది. వచ్చిన కొత్తలోనే ఒక ఆదివారం ల్యాబు కంప్యూటర్లో ఏదో ప్రోగ్రాము రాసి అందరినీ పిలిచింది.

"కొద్దిసేపటికొకసారి ఈ స్క్రిప్టే మెయిల్‌బాక్సు చూస్తాది మామయ్యా. ఎవరూ తెరవని మెయిలు కనిపిస్తే దాంట్లో ఫోటోలు మాత్రం తీసి, మెయిలు వచ్చిన తేదీతో ఫోల్డరు చేసి పెడతాది. ఒకే పేరుతో రెండు ఫోటోలొస్తే రెండోదాని పక్కన నెంబరు తగిలిస్తాది, ఒకదాని మీద ఒకటి పడవు."

మాటలు అందరి చెవుల్లో పడినాయి. ఇందుమతి మాత్రం మామ ముఖమే చూస్తా ఉండింది. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని, కంప్యూటర్లో వాటంతట అవే పుడుతున్న ఫోల్డర్లను చూసి, "శానా బాగుందమ్మా! పూట పని చిటికెలో అయిపాయె," అన్నాడు. పూట పని. ఇన్నేండ్లూ ఆ పూట తనదే.

ఆ రోజు నుంచీ మహతి నవ్వినా ఇందుమతికి కష్టమే, నవ్వకున్నా కష్టమే. "అక్కా, నీకు ఇంక రెస్టు," అంటే రెస్టు ఎవరడిగినారనిపించింది. అత్తమ్మ చిన్నకోడలి పళ్లెంలో ఇంకో కారం దోసె వేస్తే, ఆ దోసె ఎంత ఎర్రగా కాలిందో కూడా కనపడింది.

అందుకే పొద్దున్నే, స్క్రిప్టు నడిచే కంప్యూటరు ఇంకా ఆన్ కాకముందే, ఫోన్లో మెయిళ్లు తెరిచేది. తనకు ముందే తెలియాల, అంతే.

వారం తిరగకముందే ల్యాబులో గొడవలు మొదలైనాయి. జమ్మలమడుగు పార్టీ ఆల్బం ఫోటోలు సగమే ఉన్నాయి. ఇందుమతి మొగుడు నాగసాయి మిషన్ కాడ నుంచి అరిచినాడు. "మహతీ, నీ కంప్యూటరు తింటాందా ఏంది ఫోటోలను?"

మహతి ముఖం పాలిపోయింది. రాసిందంతా చూసుకుంది. తప్పు కనపడలేదు.

ఆ మధ్యాహ్నం ఇందుమతికి అర్థమైంది. ఫోన్లో మెయిళ్ల వరస చూస్తే తాను తెరిచినవి మామూలుగా ఉన్నాయి, తెరవనివి లావు అక్షరాల్లో ఉన్నాయి. ఎవరూ తెరవని మెయిలు, అనింది కదా ఆ పిల్ల. ఊరికే ఒకదాన్ని పట్టుకుని చదవనట్టు గుర్తు మార్చింది. కాసేపటికి కిందికి దిగి చూస్తే ఆ మెయిల్లోని ఫోటో ఫోల్డర్లో కూచుని ఉంది. అదీ ఈనాటి దాంట్లో కాదు, మెయిలు వచ్చిన మొన్నటి తేదీ దాంట్లో.

చెప్పాల్సింది. "మహతీ, ఇట్లా రా" అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది. అప్పుడే నాగసాయి, "పాతకాలం పద్ధతే మేలు, ఇందు చేసినప్పుడు ఒక్కటీ తప్పిపోలేదు," అన్నాడు. ఆ మాట వెన్న మాదిరి లోపలికి దిగింది. ఇందుమతి నోరు మూసుకుంది. మరుసటి పొద్దున మళ్లీ మెయిళ్లన్నీ తెరిచింది. ఈసారి తెలిసే.

షాహీదాబీ వచ్చింది శుక్రవారం. ఆమె మొగుడు పోయి ఏడాది కాలేదు. ఆయనతో ఆమె కలిసి దిగిన ఫోటో ఉండేది ఒక్కటే. అది కువైట్‌లో కొడుకు ఉమైర్ దగ్గర ఉంది. అతను స్కాన్ చేసి మెయిలు పెట్టినాడు. జమ్మలమడుగులో కూతురు సమీరా కొత్తింట్లో పెట్టడానికి ఫ్రేము కావాల. సాయంత్రం బస్సు.

"ఫ్రేము అయిందా బేటీ?"

నాగసాయి ఫోల్డర్లన్నీ వెతికినాడు. "నీ కొడుకు పంపలేదేమో బీబీ."

"ఎట్లా పంపడు? 'పంపినా అమ్మీ' అన్నాడే!" ఆమె బుర్ఖా అంచు వేలికి చుట్టుకుంటా నిలబడింది. "ఇంట్లో వాడి బాపు ముఖం ఇంక యాడా లేదు తల్లీ."

"సారీ బీబీ, తప్పు నాదే," అంది మహతి. కళ్లు తుడుచుకుంటా మామ వైపు తిరిగింది. "ఈ స్క్రిప్టు తీసేస్తా మామయ్యా. అక్క చేసినట్టే చేద్దాం. నాకు చేతకాలేదు."

గురురాజారావు తల ఊపినాడు. "తీసేయమ్మా. ఇందూ, నువ్వే చూసుకో."

ఎన్ని రోజులుగానో కావాలనుకున్న మాట అది. చెవిలో పడింది. తియ్యగా లేదు. ఉమైర్ మెయిలు ఇందుమతి నిన్న పొద్దున్నే తెరిచింది. పొయ్యి ముందర నిలబడి ఆ ముసలాయన గడ్డం, షాహీదాబీ సిగ్గునవ్వు చూసి, "జంట బాగుంది" అనుకుని ఫోను పక్కన పెట్టింది కూడా.

ఫోను తీసి ఆ మెయిలును చదవనట్టు మార్చింది. "ఉండు బీబీ, ఒక్క కాఫీ తాగు," అని స్టూలు జరిపింది. కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు నిన్నటి తేదీ ఫోల్డర్లో ఆ జంట వచ్చి కూచుంది. నాగసాయి నోరు తెరిచినాడు. మహతి కంప్యూటరు వైపు చూసింది, ఇందుమతి చేతిలో ఫోను వైపు చూసింది. ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఇందుమతికి గుచ్చుకుంది. ఈ పిల్ల ఇందులో కూడా తనకన్నా మేలే!

ఫ్రేము చంకలో పెట్టుకుని షాహీదాబీ బస్సుకు పోయినాక, షట్టరు సగం దించి అందరూ పైన అన్నానికి కూచున్నారు.

"మజ్జిగ పోయనా ఇందూ?" అంది పద్మావతమ్మ.

"ఉండు అత్తమ్మా, ఒక మాట." ఇందుమతి అన్నంలో చేయి కదిపింది. "మెయిళ్లు ముందే తెరిచింది నేను. తెరిస్తే ఆ స్క్రిప్టు వాటిని వదిలేస్తాది. మొదట్లో తెలీదు. తర్వాత తెలిసే తెరిచినా."

నాగసాయి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గురురాజారావు కళ్లద్దాలు తీసి పంచెకు తుడుచుకున్నాడు.

"నేనే సరిగ్గా రాయలేదక్కా," అంది మహతి మెల్లగా. "తెరిచినా తెరవకున్నా తీసుకునేటట్టు మారుస్తా. ఏవి తీసుకుందో అదే గుర్తు పెట్టుకుంటాది."

"మార్చు," అంది ఇందుమతి. తోటికోడలి ముఖంలోకి ఇంకా సూటిగా చూడలేకపోయింది. ఆ మంట ఒక్కపూటలో ఆరేది కాదు, ఆమెకు తెలుసు. "స్క్రిప్టు తీసేది లేదు. పొద్దున మెయిళ్లు ఇంక నేను చూడను. ఫోన్లోంచి ఆ మెయిల్‌బాక్సు తీసేసినా. రేపటి నుంచి కింద మహతి పక్కన కూచుంటా, అదెట్లా నడుస్తాదో నేర్చుకుంటా. ఇప్పుడు మజ్జిగ పొయ్యి అత్తమ్మా."